అచ్చయిన పేపర్లు, అంగుళం మార్జిన్లు, గైడు ఉత్తరం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ థీసిస్‌ను రెండు చోట్ల చూస్తారు. మొదటిది కమిటీ. నలుగురైదుగురు ప్రొఫెసర్లు కూర్చుని, ఇందులోని సైన్సు నిలుస్తుందా లేదా అని అడుగుతారు. రెండోది గ్రాడ్యుయేట్ స్కూల్‌లోని థీసిస్ ఆఫీసు. అక్కడివాళ్లకు సైన్సుతో పనిలేదు. నాలుగు వైపులా అంగుళం మార్జిన్ వదిలారా, ముందుపేజీలకు చిన్న రోమన్ అంకెలు వేశారా, రిఫరెన్సులు మొదటినుంచి చివరిదాకా ఒకే పద్ధతిలో ఉన్నాయా, జాబితాలో చూపిన పేజీలోనే బొమ్మ ఉందా... వాళ్లు చూసేవి ఇవి. కమిటీ సంతకాలన్నీ పడిన థీసిస్ కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. ఇది దాటితేగానీ పట్టా చేతికి రాదు.

థీసిస్ మొత్తం ఒకే పుస్తకంలా కొత్తగా రాసినదైతే పెద్ద చిక్కు లేదు. ఆఫీసు ఇచ్చిన నమూనాలో టైపు చేసుకుంటూ పోతే సరిపోతుంది. సైన్సు, ఇంజనీరింగ్ విభాగాల్లో మాత్రం విద్యార్థి నాలుగైదేళ్లలో రెండు మూడు పేపర్లు జర్నళ్లలో అచ్చు వేయించి, వాటికి ముందొక ఉపోద్ఘాతం, చివరొక ముగింపు చేర్చి థీసిస్‌గా ఇవ్వడం మామూలైపోయింది. స్వీడన్, నెదర్లాండ్స్‌లలో సైన్సు థీసిస్‌లు ఎక్కువగా ఈ తీరులోనే వస్తాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఇలాంటి థీసిస్‌కు ప్రత్యేకంగా నిబంధనలు రాసుకుంది. పేపర్లను వరసగా కుట్టి ఇస్తే ఒప్పుకోదు. ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి దారి చూపే వచనం ఉండాలంటుంది, ఏ రచయిత ఏ పని చేశారో ముందే చెప్పాలంటుంది. అమెరికాలో ఎవరి పద్ధతి వాళ్లది. కొన్ని చోట్ల పేపర్ల థీసిస్‌కు నిబంధనలున్నాయి. కొన్ని చోట్ల నిబంధనలన్నీ ఒకే పుస్తకాన్ని ఊహించుకుని రాసినవే. అలాంటి చోట పేపర్లు పెట్టాలంటే గైడు ఉత్తరం రాయాలి. అక్కడ ఆయన్ను అడ్వైజర్ అంటారు. పని మాత్రం మన గైడు పనే.

ఉత్తరం ఎలా ఉండాలో తెలియాలంటే ముందు ఆ నిబంధనలు ఎందుకు పుట్టాయో తెలియాలి. పాతరోజుల్లో ఎడమ మార్జిన్ అంగుళంన్నర ఉండేది, బైండింగ్ కుట్టుకు చోటు కోసం. ఆ తర్వాత మైక్రోఫిల్మ్ వచ్చింది. 1938లో యూజీన్ పవర్ అనే ఆయన మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ అనే సంస్థ పెట్టాడు. ఇప్పటి ప్రోక్వెస్ట్‌కు మూలం అదే. థీసిస్ పేజీలను ఫొటో తీసి ఫిల్మ్ మీదికి కుదించేవారు. కుదించినప్పుడు చిన్న అక్షరాలు, లేత గీతలు మాయమయ్యేవి. కాబట్టి అక్షరం ఫలానా పరిమాణం తగ్గకూడదని, సిరా నల్లగా ఉండాలని నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు అంతా పీడీఎఫ్. ఫిల్మ్ పోయింది, నిబంధనలు మిగిలాయి. అలాగని వాటిని చాదస్తం కింద కొట్టిపారేయలేం. చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో థీసిస్ చదువుతారు. రెండు కాలమ్‌ల పేజీని అది ఒక్కోసారి ఎడమ వాక్యం సగం, కుడి వాక్యం సగం కలిపి చదివేస్తుంది. స్కాన్ చేసి బొమ్మలా అతికించిన పేజీనైతే అసలు చదవలేదు. ఫిల్మ్ కోసం పెట్టిన కొన్ని నిబంధనలకు ఇలా కొత్త కారణం దొరికింది.

ఇక ఒక ఉదాహరణ కట్టుకుందాం. విద్యార్థిని ఊహే. ఎదురయ్యే చిక్కులు మాత్రం ఉన్నవే. సివిల్ ఇంజనీరింగ్‌లో ఆమె పరిశోధన తాగునీటిలోని ఫ్లోరైడ్ మీద. రెండో అధ్యాయం, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే పదార్థం తయారీ గురించి, ఎల్సేవియర్ జర్నల్‌లో అచ్చయింది. మూడో అధ్యాయం, నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచే సెన్సర్ గురించి, ఐట్రిపుల్ఈ జర్నల్‌లో వచ్చింది. నాలుగోది బావుల దగ్గర చేసిన ప్రయోగం. అది ఇంకా జర్నల్ పరిశీలనలో ఉంది. సెన్సర్ పేపర్‌లో ఎలక్ట్రానిక్స్ విభాగం విద్యార్థి ఒకరు సమానంగా పనిచేశారు. మూడు పేపర్లలోనూ గైడు సహరచయిత.

విద్యార్థినికి మొదట తట్టేది జర్నల్ నుంచి పీడీఎఫ్ దించుకుని అలాగే అధ్యాయంగా అతికించడం. అచ్చయినది అచ్చయినట్టే ఉంటుంది, మళ్లీ టైపు చేస్తే సమీకరణాల్లో తప్పులు దొర్లుతాయి కదా అనేది ఆమె వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు. అయితే పేజీని కొలిచి చూస్తే సంగతి వేరు. అమెరికా కాగితం వెడల్పు 8.5 అంగుళాలు. రెండు వైపులా అంగుళం వదిలితే మిగిలేది 6.5. ఆ వెడల్పున్న జర్నల్ పేజీ మొత్తాన్ని ఆ చోటులో ఇమడ్చాలంటే దాదాపు 76 శాతానికి కుదించాలి. ఐట్రిపుల్ఈ పేపర్‌లో వచనం 10 పాయింట్ల అక్షరాల్లో ఉంటుంది. కుదిస్తే 7.6 పాయింట్లవుతుంది. బొమ్మల కింద 8 పాయింట్ల వివరణ 6కు దిగుతుంది. మందుసీసా మీది చీటీ చదివినట్టు చదవాలి. పేజీ అంకెలు సరేసరి. పైన జర్నల్ అంకె నాలుగు వేలల్లో ఉంటుంది, కింద థీసిస్ అంకె 47.

ఇంత చెప్పినా గైడు మొదట రాసే ఉత్తరం తరచుగా ఇలా ఉంటుంది: ఈ విద్యార్థిని మా విభాగంలోని అత్యుత్తమ విద్యార్థుల్లో ఒకరు, ఈమె పేపర్లు ప్రసిద్ధ జర్నళ్లలో వచ్చాయి, నిపుణుల పరిశీలన ఇప్పటికే పూర్తయింది, కాబట్టి థీసిస్‌కు ఫార్మాట్ నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అసలు సంగతేమిటంటే చాలాసార్లు ఈ ఉత్తరాన్ని గైడు రాయడు. నువ్వే ఒక డ్రాఫ్ట్ పంపు, సంతకం పెడతాను అంటాడు. విద్యార్థి తనను తాను పొగుడుకోలేక ఇబ్బంది పడుతూ సిఫారసు ఉత్తరాల నమూనా ఒకటి వెతికి పట్టుకుంటాడు. అందుకే ఆ ఉత్తరం ఉద్యోగ సిఫారసులా తయారవుతుంది.

థీసిస్ ఆఫీసు దాన్ని తిప్పి పంపుతుంది. విద్యార్థిని ప్రతిభను ఎవరూ ప్రశ్నించలేదు. ఏ నిబంధన నుంచి, ఏ అధ్యాయంలో, ఎంతవరకు మినహాయింపు కావాలో ఉత్తరంలో లేదు. అన్ని నిబంధనల నుంచి మినహాయింపు అంటే ఇవ్వడానికి ఆ ఆఫీసులో ఎవరికీ అధికారం ఉండదు. నిపుణుల పరిశీలన అయిపోయిందన్న వాక్యం ఇంకా చేటు. జర్నల్ పరిశీలన వేరు, కమిటీ పరీక్ష వేరు. జర్నల్ అచ్చువేసిందాన్ని కమిటీ తప్పుపట్టొచ్చు, మార్చమనొచ్చు. అచ్చయింది కాబట్టి ముట్టుకోకూడదన్న అర్థం ఉత్తరంలో కనిపించిందంటే డీన్‌కు ఫార్మాట్ సంగతి పక్కకుపోయి, ఈ విభాగంలో పరీక్ష సరిగా జరుగుతోందా అన్న అనుమానం మొదలవుతుంది.

అతికించిన పీడీఎఫ్‌తో పెద్ద చిక్కు కూడా ఇక్కడే ఉంది. డిఫెన్స్‌లో ఒక సభ్యుడు, మూడో అధ్యాయంలో సెన్సర్‌ను మామూలు గది వేడిలోనే పరీక్షించారు, ఎండలో బావి దగ్గర ఏమవుతుంది అని అడిగాడనుకోండి. సరైన ప్రశ్నే. అధ్యాయాన్ని టైపు చేసి ఉంటే ఒక పేరా చేర్చి, ఇది అచ్చయిన పేపర్‌లో లేదని అడుగున చెప్పొచ్చు. పీడీఎఫ్ అయితే చేర్చడానికి చోటే లేదు. కాబట్టి తెలిసిన గైడు పీడీఎఫ్ అతికింపు కోసం అడగడు. పేపర్లను థీసిస్ నమూనాలోకి మార్పించి, మార్చినందువల్ల నష్టం కలిగే చోట్ల మాత్రమే మినహాయింపు అడుగుతాడు. మన ఉదాహరణలో అలాంటివి రెండే. ఒకటి రిఫరెన్సులు. ఎల్సేవియర్ జర్నల్‌లో రచయిత పేరు, సంవత్సరం పద్ధతి. ఐట్రిపుల్ఈలో చదరపు బ్రాకెట్లలో అంకెలు. నిబంధన ప్రకారం ఒకటే పద్ధతి ఉండాలి, జాబితా థీసిస్ చివర రావాలి. రెండోది సెన్సర్ సర్క్యూట్ బొమ్మలు. వాటిలో అక్షరాలు ఆఫీసు చెప్పిన కనీస పరిమాణం కన్నా చిన్నవి.

రెండోసారి రాసిన ఉత్తరంలో ముఖ్యమైన భాగం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"విషయం: 2, 3 అధ్యాయాల రిఫరెన్సుల పద్ధతి, 3వ అధ్యాయంలో రెండు బొమ్మల అక్షర పరిమాణం గురించి మినహాయింపు.

ఈ వసంత సెమిస్టర్‌లో సమర్పించే ఈ థీసిస్‌లో రెండు అధ్యాయాలు జర్నళ్లలో అచ్చయిన పేపర్లు. మార్జిన్లు, పేజీ అంకెలు, శీర్షికలు, అక్షరాలు అన్నీ మీ నిబంధనల ప్రకారమే మార్చాం. ఈ కింది రెండు విషయాల్లో మాత్రమే మినహాయింపు కోరుతున్నాం. ఒకటి, ప్రతి అధ్యాయం చివర దాని రిఫరెన్సులు దాని జర్నల్ పద్ధతిలోనే ఉంచడానికి. ఈ అధ్యాయాన్ని అచ్చయిన పేపర్‌తో పోల్చి చూసే పాఠకుడికి రిఫరెన్సు అంకెలు రెండు చోట్లా ఒకటిగా ఉండాలన్నది కారణం. రెండు, 3వ అధ్యాయంలోని రెండు సర్క్యూట్ బొమ్మలను ఉన్నవున్నట్టు ఉంచడానికి. ఉపోద్ఘాతం, ముగింపు, అధ్యాయాల మధ్య వచనం ఈ థీసిస్ కోసమే కొత్తగా రాసినవి. కమిటీ సభ్యులందరూ ఈ అభ్యర్థనకు అంగీకరించారు."

పొగడ్త ఒక్క మాట లేదు. నిబంధన ఏదో, ఎక్కడో, ఎందుకో ఉంది. మిగతావన్నీ పాటించామని చెప్పడం వల్ల అడిగేది ఎంత చిన్నదో ఆఫీసుకు ఒక్క చూపులో తెలుస్తుంది. వీటికి నిబంధనల పుస్తకంలోని సెక్షన్ అంకెలు, థీసిస్‌లో పేజీ అంకెలు కూడా జతచేస్తే చదివేవాళ్లు ఏదీ వెతుక్కోనక్కరలేదు.

దీని తర్వాత వచ్చే పేరా ఉత్తరానికి ప్రాణం. నా దృష్టిలో మార్జిన్ల గొడవ కన్నా ఇదే అసలు విషయం. థీసిస్ ఒక్కరి పేరు మీద వస్తుంది, పేపర్ నలుగురి పేరు మీద వస్తుంది. నలుగురి పనిని ఒక్కరి డిగ్రీకి లెక్కగట్టేటప్పుడు ఎవరు ఏం చేశారో ఎవరో ఒకరు సంతకం పెట్టి చెప్పాలి. రోజూ ల్యాబ్ చూసినవాడు గైడు కాబట్టి ఆయన మాటకే విలువ. ఇక్కడ చాలామంది, విద్యార్థిని ఈ పేపర్‌కు గణనీయమైన కృషి చేశారు అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. గణనీయం అంటే సగమా, పావా? ఆ మాట ఎవరి గురించైనా రాయొచ్చు.

దీనికి బదులు ఇలా రాయాలి: "3వ అధ్యాయంలో ఫ్లోరైడ్‌కు స్పందించే పొరను రూపొందించడం, తెలిసిన గాఢతల నీళ్లతో సెన్సర్‌ను సరిచూడటం, కొలతల విశ్లేషణ ఈ విద్యార్థిని చేశారు. సంకేతాన్ని చదివే సర్క్యూట్‌ను ఎలక్ట్రానిక్స్ విభాగం విద్యార్థి తయారుచేశారు. మొదటి ప్రతిని ఈ విద్యార్థిని రాయగా, సర్క్యూట్ భాగాన్ని ఆ విద్యార్థి రాశారు. నేను ప్రణాళికలో, దిద్దుబాటులో పాల్గొన్నాను." ఇలా పని పేరుపెట్టి చెప్పడానికి జర్నళ్లు వాడే ఒక జాబితా ఉంది. దాన్ని క్రెడిట్ పద్ధతి అంటారు. ఆలోచన, పద్ధతి, ప్రయోగం, సాఫ్ట్‌వేర్, విశ్లేషణ, మొదటి ప్రతి రాయడం, దిద్దడం, పర్యవేక్షణ ఇలా మొత్తం 14 పాత్రలు అందులో ఉన్నాయి. 2022లో అది అమెరికాలో అధికారిక ప్రమాణం కూడా అయింది. పేపర్‌తో పాటు ఆ వివరాలు అచ్చయి ఉంటే ఉత్తరం దానికి సరిపోలాలి. జర్నల్‌లో ఒకటి, ఉత్తరంలో మరొకటి ఉంటే అది ఫార్మాట్ తప్పుతో ఆగదు.

ఎలక్ట్రానిక్స్ విద్యార్థి సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. అతనూ రేపు ఇదే పేపర్‌ను తన థీసిస్‌లో పెట్టుకోవాలనుకోవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఒక పేపర్‌ను ఒకే థీసిస్‌లో అనుమతిస్తాయి. కొన్ని ఇద్దరినీ వాడనిస్తాయి గానీ, ఎవరి భాగం ఏదో ఇద్దరి థీసిస్‌లలోనూ స్పష్టంగా చెప్పాలంటాయి. ఉత్తరంతో పాటు అతని అంగీకారం రాతపూర్వకంగా జతచేస్తే రెండేళ్ల తర్వాత అతని వంతు వచ్చినప్పుడు తగాదా ఉండదు.

ఈ పేరాలో ఒక ఇరకాటం ఉంది, గైడులు దాన్ని పైకి చెప్పరు. ఎవరు ఏం చేశారో సాక్ష్యం చెప్పే గైడు కూడా ఆ పేపర్ రచయితల్లో ఒకడే. తన పేరున్న పేపర్ గురించి తానే సాక్షి. అందుకే మంచి ఉత్తరానికి గైడు సంతకం ఒక్కటే సరిపోదు. పేపర్‌లో పేరు లేని కమిటీ సభ్యుడొకరు, లేదా విభాగంలో గ్రాడ్యుయేట్ వ్యవహారాలు చూసే ప్రొఫెసర్ కూడా సంతకం పెడితే దానికి నిలబడే బలం వస్తుంది.

ఇంత చేసినా ఇంకో తలుపు మిగిలే ఉంటుంది, అది ప్రచురణకర్తది. గ్రాడ్యుయేట్ స్కూల్ తన నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వగలదు, జర్నల్ కాపీరైటు నుంచి ఇవ్వలేదు. ఎల్సేవియర్ తన రచయితలు వాళ్ల పేపర్‌ను థీసిస్‌లో పెట్టుకోనిస్తుంది, అది వ్యాపారం కోసం కాకుండా ఉంటే చాలు. మూలం ఏదో చెప్పాలి. ఐట్రిపుల్ఈ కూడా థీసిస్ కోసం విడిగా లైసెన్సు తెచ్చుకోనక్కరలేదంటుంది. కానీ ఒక షరతు పెడుతుంది: థీసిస్‌ను ఇంటర్నెట్‌లో ఉంచేటట్టయితే జర్నల్ అచ్చు వేసిన తుదిరూపం పెట్టకూడదు, అంగీకారం పొందినప్పుడు రచయిత చేతిలో ఉన్న ప్రతినే పెట్టాలి. ఇప్పటి థీసిస్‌లు దాదాపు అన్నీ ఇంటర్నెట్‌కే వెళతాయి. అంటే మన విద్యార్థిని మొదట అనుకున్నట్టు పీడీఎఫ్‌ను అతికించి, ఆఫీసు దానికి ఒప్పుకున్నా కూడా మూడో అధ్యాయం ఐట్రిపుల్ఈ షరతును దాటినట్టే. ఉత్తరంలో ఏ అధ్యాయానికి ఏ ప్రతి వాడామో ఒక వాక్యం ఉండాలనేది ఇందుకే. అనుమతుల కాగితాలు థీసిస్ చివర అనుబంధంగా చేరతాయి.

మన దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే ప్రశ్న మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు పరాయి పేపర్, సొంత పేపర్ అన్న తేడా తెలియదు. విద్యార్థి తన పేపర్‌నే అధ్యాయంగా పెట్టుకుంటే ఆ అధ్యాయం మొత్తం ఎర్రబడుతుంది. అప్పుడు గైడు, ఈ పోలిక అభ్యర్థి సొంత ప్రచురణల వల్ల వచ్చింది, ఫలానా పేపర్, ఫలానా పేజీలు అని ధ్రువపత్రం ఇస్తాడు. 2016 నిబంధనల్లో థీసిస్‌కు ముందే కనీసం ఒక పేపర్ అచ్చవాలన్న షరతు ఉండేది. 2022లో యూజీసీ ఆ తప్పనిసరి తీసేసింది. అంటే 2018 నుంచి 2022 దాకా ఒక నియమం పేపర్ వెయ్యమంది, ఇంకో నియమం వేసిన పేపర్ థీసిస్‌లో కనబడితే శాతం లెక్కగట్టింది. ఆ మధ్యలో నలిగినవాళ్లు ఉస్మానియాలోనూ, ఆంధ్రాలోనూ మాత్రమే కాదు, దేశమంతటా ఉన్నారు.

సమయం గురించి రెండు మాటలు. మినహాయింపు కోరే ఉత్తరం డిఫెన్స్ తర్వాత రాస్తే ఆలస్యమైనట్టే. చాలా చోట్ల తుది సమర్పణకు ముందు ఫార్మాట్ పరిశీలన ఒకటి జరుగుతుంది, ఉత్తరం దానికన్నా ముందే వెళ్లాలి. సెమిస్టర్ గడువు తప్పితే డిగ్రీ తేదీ వచ్చే సెమిస్టర్‌కు జరుగుతుంది, చాలాచోట్ల మళ్లీ రిజిస్టర్ అయి ఫీజు కట్టాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్న తెలుగు విద్యార్థులకు ఇది ఇంకా బరువు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకే ఉద్యోగ శిక్షణ అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ తేదీ కదిలితే మిగతా లెక్కలన్నీ కదులుతాయి. జూన్‌లో చేరతానని కంపెనీకి మాటిచ్చినవాళ్లు మార్జిన్ల దగ్గర ఆగిపోకూడదు.

మన విద్యార్థిని ఉత్తరానికి జవాబు ఇలా వస్తుందనుకోవచ్చు. రిఫరెన్సుల మినహాయింపు మంజూరు. సర్క్యూట్ బొమ్మలకు మంజూరు కాలేదు, అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ గీయాలి. కారణం స్పష్టమే. పేరు, సంవత్సరం పద్ధతిలో ఉన్నా, అంకెల్లో ఉన్నా పాఠకుడు రిఫరెన్సును కనుక్కోగలడు. చదవలేని అక్షరాన్ని ఎవరూ చదవలేరు. బొమ్మలు తిరిగి గీయడం ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి ఒక పూట పని, సర్క్యూట్ ఫైలు అతని దగ్గరే ఉంది. ఇక నాలుగో అధ్యాయం. ఉత్తరం పంపినప్పుడు అది పరిశీలనలో ఉంది. థీసిస్ అప్పగించే వారం ముందు జర్నల్ దాన్ని కొన్ని మార్పులతో అంగీకరించింది. ఇప్పుడు అధ్యాయం మొదటి పేజీలోని స్థితి వాక్యం మార్చాలి, పరిశీలకులు చెప్పిన మార్పులు అధ్యాయంలోకి తీసుకుంటున్నారో లేదో తేల్చుకోవాలి, తీసుకుంటే కమిటీకి చూపించాలి. గైడు రెండు వరసల మెయిల్ పంపి, తన ఉత్తరంలో నాలుగో అధ్యాయం గురించి రాసిన వాక్యాన్ని ఆ ప్రకారం సరిదిద్దుకోమని థీసిస్ ఆఫీసుకు చెప్పాడు.